మాటనీ సంగీతాన్నీ కూడేశాక మళ్ళీ విడదీయడం ఎలా?

ఒక సైన్సు టీచరు అడిగారు: "ఇంగ్లీషు డాక్యుమెంటరీ ఒకటి అనుమతి తీసుకుని మా పిల్లల కోసం తెలుగులో డబ్ చేస్తున్నాం. వ్యాఖ్యానం తీసేసి వెనక సంగీతం మాత్రం ఉంచుకోవడం కుదురుతుందా అండీ?"

కుదురుతుంది, చాలావరకు. సినిమాలకైతే మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాకుని నిర్మాతలే విడిగా ఉంచుతారు, డబ్బింగుకి అదే వాడతారు. మనకి దొరికే వీడియోలో అన్నీ అప్పటికే కలిపేసి ఉంటాయి. కలపడమంటే నిజంగా కూడికే. డిజిటల్ శబ్దంలో సెకనుకి 44,100 అంకెలుంటే, ప్రతి అంకెలోనూ గొంతు వాటా, సంగీతం వాటా కూడేసి ఉంటాయి. మన చేతికి వచ్చింది 7 అనుకోండి. అది 3, 4 కలిస్తే వచ్చిందా, లేక 10లోంచి 3 పోతే మిగిలిందా? ఆ ఒక్క అంకెని చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకని ఒక్కో అంకెని కాకుండా ఒక ముక్కని మొత్తంగా చూస్తారు. 4096 అంకెలు, అంటే సుమారు 93 మిల్లీసెకన్ల శబ్దం తీసుకుని, అందులో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో లెక్కగడతారు. ఇలా వరసగా చేసుకుంటూ పోతే గళ్ళ కాగితం లాంటిది తయారవుతుంది: అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, ఒక్కో గడి ఎత్తు సుమారు 10.8 హెర్ట్జ్. వ్యాఖ్యాత గొంతు 120 హెర్ట్జ్ దగ్గర ఉంటే 240, 360, 480... అలా గీతలు పడతాయి. మాట్లాడేటప్పుడు శ్రుతి నిలకడగా ఉండదు కాబట్టి ఆ గీతలన్నీ కలిసే వంగుతాయి, కలిసే ఆగిపోతాయి. వయొలిన్ సాగదీసిన స్వరం గీత మాత్రం అలా తిన్నగా పోతుంది. గొంతులూ వాద్యాలూ విడివిడిగా రికార్డయిన పాటలు చూపించి న్యూరల్ నెట్‌వర్క్‌కి ఈ తేడాలు నేర్పిస్తారు. తర్వాత అది ఒక్కో గడిలో గొంతు వాటా ఎంతో 0 నుంచి 1 దాకా ఒక భిన్నంగా చెబుతుంది. దీన్నే మాస్క్ అంటారు. ప్రతి గడి బలాన్నీ ఆ భిన్నంతో గుణిస్తే గొంతు వస్తుంది, మిగిలింది సంగీతం. ఎక్కువ గడుల్లో ఎవరో ఒకరిదే పైచేయి కాబట్టి పని జరిగిపోతుంది!

చిక్కంతా ఇద్దరూ ఒకే గడిలో పడ్డప్పుడే. 240 దగ్గర గొంతు బలం 3, వయొలిన్ బలం 1 అనుకుందాం. గొంతు వాటా ముప్పావు. రెండు అలలూ ఒకేసారి లేచి ఒకేసారి పడుతుంటే మొత్తం 4, అందులో ముప్పావు 3, లెక్క సరిగ్గా వచ్చింది. కానీ ఒకటి లేచేటప్పుడు ఇంకోటి పడుతుంటే? మొత్తం 2 మాత్రమే, అందులో ముప్పావు 1.5. అసలు గొంతులో సగమే చేతికొచ్చింది, వాటా మాత్రం తప్పు చెప్పలేదు. ఈ ఎదురుబొదురు పరిస్థితి ముక్క ముక్కకీ మారిపోతుంది కాబట్టి విడదీసిన గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు వణుకుతుంది. ఇలా విడదీసే సాఫ్ట్‌వేర్లలో స్ప్లీటర్ ఈ మాస్క్ పద్ధతిదే. డెమక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కొత్త రూపాలు అసలు అలని కూడా నేరుగా చూసి ఊహిస్తాయి, అందుకే ఈ వణుకు వాటిలో తక్కువ. ముందు ffmpegతో వీడియోలోంచి శబ్దాన్ని బయటికి తీసి, తర్వాత డెమక్స్‌తో విడదీయాలి:

```
ffmpeg -i video.mp4 -vn -ac 2 -ar 44100 audio.wav
demucs --two-stems=vocals audio.wav
```

`vocals.wav`లో మాటలు, `no_vocals.wav`లో మిగతాది వస్తాయి. మొదటిది చూసుకుని అనువాదం, టైమింగ్ చేసుకోవచ్చు, రెండోదాని మీద తెలుగు గొంతు వెయ్యాలి.

రెండో ఫైలుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తప్పకుండా వినండి. 'స', 'ష' లాంటి ఊదుడు శబ్దాలు కంచు తాళాల చప్పుడుని పోలి ఉంటాయి, అవి సంగీతంలో మిగిలిపోయి పాత వ్యాఖ్యానం గుసగుసలా వినిపిస్తుంది. గదిలో మాట ప్రతిధ్వని కూడా అంతే. వెనక ఎవరైనా పాడుతుంటే ఆ పాట కూడా మాటలతోపాటు వెళ్ళిపోతుంది, ఎందుకంటే ఇది నేర్చుకున్నది పాటల మీద, దానికి గొంతంటే గొంతే. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు ఎటు పోతాయో కూడా చెప్పలేం. మాట, సంగీతం, చప్పుళ్ళు అని మూడుగా విడదీసే మోడళ్ళు వేరే ఉన్నాయి, చప్పుళ్ళు ఎక్కువగా ఉన్న వీడియోకి అవే నయం.

ఆ గుసగుస తెలుగు గొంతు కింద చాలాచోట్ల కప్పబడిపోతుంది. బయటపడేది తెలుగు వాక్యం ఇంగ్లీషుకన్నా ముందే అయిపోయిన చోట. అక్కడ వాక్యాన్ని కాస్త పొడిగించి రాసుకోండి, లేదా చివరి మాటలు కొంచెం నెమ్మదిగా చెప్పించండి. వ్యాఖ్యాత అసలు మాట్లాడని చోట్ల విడదీసిన ఫైలు అక్కర్లేదు, మొదటి `audio.wav`నే వాడుకోండి, అక్కడున్నది ఎలాగూ చెక్కుచెదరని సంగీతమే. రెండూ కలిసే దగ్గర మాత్రం ఒకదాన్ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచితే అతుకు వినబడదు.