మూత మూసిన ల్యాప్‌టాప్, ఆరింటి రిఫ్రెష్

రోజూ పొద్దున ఆరింటికి నడవాల్సిన డేటా రిఫ్రెష్ ఒక్కోరోజు నడవదు. లాగ్ తెరిస్తే ఎర్రర్ కనిపించదు, అసలు ఆ రోజు లైనే ఉండదు. పని ఫెయిలైతే లైన్ పడుతుంది. లైనే లేదంటే ఆ టైముకి మెషీన్ నిద్రలో ఉందేమోనని మొదట అనుమానించాలి.

ఈ చిక్కు పాతదే. చెప్పిన టైముకి పనుల్ని నడిపే క్రాన్ 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. అప్పటి కంప్యూటర్లు పదిమందీ పంచుకునేవి, రాత్రీ పగలూ ఆన్‌లో ఉండేవి. క్రాన్ ఆ నమ్మకం మీదే పుట్టింది. ఇవాళ్టికీ రాత్రంతా నిద్రపోయి తొమ్మిదిన్నరకి లేచిన ల్యాప్‌టాప్‌లో అది ఆరింటి పనిని వదిలేస్తుంది.

సొంత కంప్యూటర్లలో లైనక్స్ పెరిగాక అనాక్రాన్ వచ్చింది. పని చివరిసారి ఏ తేదీన నడిచిందో రాసుకుని, మెషీన్ లేచాక బాకీ తీరుస్తుంది. 2005లో ఆపిల్ తెచ్చిన లాంచ్‌డీ కూడా నిద్రలో తప్పిన పనిని లేచాక నడుపుతుంది, పూర్తిగా ఆపేసిన మెషీన్‌లో మాత్రం నడపదు. లైనక్స్‌లోని సిస్టమ్‌డీ టైమర్‌లో, మెషీన్ ఆపేసి ఉన్నప్పుడు తప్పిన పని కూడా నడవాలంటే `Persistent=true` పెట్టుకోవాలి. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లోనూ ఈ సదుపాయం ఉంది కానీ మనమే టిక్ చేయాలి. పైగా చార్జర్ లేకపోతే పని మొదలుపెట్టొద్దనే టిక్ అందులో ముందే ఉంటుంది. చాలామందిని ముంచేది అదే.

బాకీ తీరింది కదా అని నిశ్చింతగా ఉండలేం. శుక్రవారం రాత్రి మూత మూసి సోమవారం తొమ్మిదిన్నరకి తెరిచారనుకోండి. తప్పినవి మూడు, నడిచేది ఒక్కటే. స్క్రిప్ట్ 'నిన్నటి డేటా' మాత్రమే తెచ్చేదైతే ఆదివారానిది వస్తుంది, శుక్ర, శనివారాలవి ఎప్పటికీ రావు. స్క్రిప్ట్ చివరిసారి సరిగ్గా తెచ్చిన తేదీని దాచుకుని, ఆ మర్నాటి నుంచి నిన్నటి దాకా తేవాలి. సర్వర్‌కి మారినా ఈ మార్పు తప్పదు, సర్వర్లూ అప్పుడప్పుడూ ఆగుతాయి.

2006లో అమెజాన్ ఈసీ2 మొదలయ్యాక, ఎప్పుడూ మెలకువగా ఉండే మెషీన్‌ని గంటల లెక్కన అద్దెకు తీసుకునే వీలొచ్చింది. నిద్ర గొడవ పోయింది, టైమ్ గొడవ వచ్చింది. ఈ సర్వర్లు మామూలుగా మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉంటాయి, మన ఆరు గంటలు అక్కడ పన్నెండున్నర రాత్రి:

```
30 0 * * *
```

సోమవారం పొద్దున అయిదింటి పనైతే అక్కడ ఇంకా ఆదివారమే, `30 23 * * 0` అని రాయాలి. ఒక జీబీ మెమరీ సర్వర్‌లో పెద్ద ఫైల్ తెరిస్తే పని మధ్యలో `Killed` అని ఆగిపోవచ్చు. ఫైల్‌ని ముక్కలుగా చదివితే ఆ టెన్షన్ తగ్గుతుంది.

డేటా ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఉండి, బయటి సర్వర్‌ని రానివ్వకపోతే ల్యాప్‌టాపే దిక్కు. అప్పుడు ఆరింటి పట్టుదల మాని, చార్జర్ పెట్టి పనిలో కూర్చునే పదిన్నరకి షెడ్యూల్ మార్చుకోవడమే మేలు.