పునాది బరువు ఎంత లోతుకు దిగుతుంది?

నేల ఎంత బరువు మోస్తుందో చూడడానికి ప్లేట్ లోడ్ టెస్ట్ అని ఒక పరీక్ష ఉంది. పునాది లోతుదాకా గొయ్యి తవ్వి, అడుగున 30 సెంటీమీటర్ల చదరపు ఉక్కు పలక పెట్టి, జాకీతో దశలవారీగా నొక్కుతారు. చదరపు మీటరుకు 15 టన్నుల ఒత్తిడి పెట్టినా పలక నాలుగైదు మిల్లీమీటర్లే దిగిందనుకుందాం. నేల గట్టిదేనని ఇంటి యజమాని సంతోషిస్తాడు. కానీ ఆ పరీక్షలో తేలింది రెండడుగుల లోతు మట్టి సంగతి మాత్రమే.

బరువు కిందికి దిగేకొద్దీ పక్కలకు పరుచుకుంటుంది. రెండు మీటర్లు దిగితే వెడల్పు రెండు మీటర్లు పెరుగుతుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్కేస్తారు. ఆ లెక్కన, పలక పెట్టిన ఒత్తిడి మూడు మీటర్ల లోతులో నూరో వంతు కంటే కాస్త తక్కువ. అదే భవనం మొత్తం కింద ఒకే దిమ్మెలా పరిచే 15 మీటర్ల చదరపు ర్యాఫ్ట్ పునాది అదే ఒత్తిడి పెడితే, మూడు మీటర్ల కింద ఇంకా 10 టన్నులకు పైగా మిగిలే ఉంటుంది. సరిగ్గా అక్కడ రెండు మీటర్ల మెత్తని బంకమట్టి పొర ఉంటే? పలకకు అది ఉన్నట్టే తెలియదు. అంతస్తులు లేచాక భవనానికి తెలుస్తుంది.

అందుకే పునాది వెడల్పుకు ఒకటిన్నర, రెండు రెట్ల లోతుదాకా, లేదా గట్టి రాయి తగిలేదాకా బోర్లు వేస్తారు. బోరు అడుగున ఒక గొట్టాన్ని నిలబెట్టి, 63.5 కిలోల సుత్తిని సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు, బోరు తవ్వకంలో ఆ మట్టి చెదిరి ఉంటుంది. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి పడ్డ దెబ్బలే N విలువ. మన స్థలంలో పైపొరలో అది 25 వచ్చి, బంకమట్టిలోకి వెళ్లగానే 3కి పడిపోతుంది. ఈ అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదు కూడా. గొట్టం మూతిలో గులకరాయి ఇరుక్కుంటే N ఊరికే పెరిగిపోతుంది. ఇసుక నేలలో బోరులోని నీటిమట్టం భూగర్భ జలం కంటే తగ్గితే అడుగున ఇసుక ఉబికి వదులై, N తగ్గిపోతుంది.

బంకమట్టి విషయంలో దెబ్బల లెక్క చాలదు. పల్చని గొట్టంతో మట్టిని చెదరకుండా తీసి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ రెండు సెంటీమీటర్ల మందం బిళ్లను బరువు కింద పెట్టి, నీరు కారుతూ అది ఎంత కుంగుతుందో, ఎంతసేపు కుంగుతుందో చూస్తారు. కుంగే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బిళ్లకు ఒక గంట పడితే, దానికి నూరు రెట్ల మందమున్న మన రెండు మీటర్ల పొరకు పదివేల గంటలు, అంటే దాదాపు 14 నెలలు. గృహప్రవేశం అయ్యాక కూడా పునాది దిగుతూనే ఉండొచ్చన్నమాట.

అంతటా సమానంగా దిగితే ప్రమాదం తక్కువ. ఆ పొర ఒక మూల రెండు మీటర్లు, మరో మూల అర మీటరే ఉంటే గోడలు ఏటవాలుగా చీలతాయి. అందుకే ఒక్క బోరుతో సరిపెట్టే రిపోర్టును నేను ఒప్పుకోను. నాలుగు మూలలా, మధ్యలో బోర్లు పడ్డాకే ర్యాఫ్ట్ చాలా, పొరను దాటి లోతైన స్తంభాల్లాంటి పైల్స్ దించాలా అన్నది తేల్చాలి.