అన్నా అంటూనే నువ్వు అనడం ఏంది?

కావలి పక్క టీ బంకు కాడ ఒకాయన బండి ఆపి "ఏంనా, బాగుండావా?" అంటాడు, లోపలాయన టీ వడగడతానే "బాగుండా, యాడికి పోతుండావు?" అంటాడు, ఈయన "ఇట్టా, బజారు దాకా" అంటాడు, అంతే. బజార్లో ఏం పని అని ఇంకో ప్రశ్న రాదు. రాలేదంటే అది సమాచారం కోసం అడిగింది కాదన్నమాట. ఇట్టాంటి మాటలు విషయం చెప్పడానికి కాదు, మనుషుల మధ్య బంధం నిలబెట్టడానికని మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే రాశాడు.

ఇందులో నాకు బాగా ఆసక్తిగా అనిపించేది మర్యాద ఎక్కడ పెడుతున్నారు అనేది. గోదావరి వైపు "బాగున్నారాండీ" అంటారు, మర్యాదంతా క్రియలోనూ చివరి "అండీ"లోనూ ఉంటది. మన నెల్లూరు, ప్రకాశం దిక్కున ఆ పని "ఏంనా"లో ఉండే "నా", అంటే అన్నా అనే పిలుపు చేస్తది, అన్నా అన్నాక ఇంక క్రియ ఏకవచనంలో ఉన్నా అమర్యాద కాదు. ఇది తెలియక అటునుంచి కొత్తగా వచ్చినోళ్లు, పరిచయం కూడా లేకుండా నువ్వు అంటాడేంటి అని నొచ్చుకుంటారు, పాపం ఆయన ఇచ్చిన గౌరవం వాళ్ల చెవికి చేరనే లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని నాలుగు మాండలికాలుగా విడదీసినప్పుడు నెల్లూరు, ప్రకాశం రెండిట్నీ రాయలసీమతో కలిపి దక్షిణ మాండలికంలో పెట్టారు. కానీ ప్రకాశం 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది కదా, అందుకే కనిగిరి వైపు "ఉండావా" వినపడితే అద్దంకి వైపు పోయేకొద్దీ "ఉన్నావా" ఎక్కువవతది, గీత గీసినట్టు మాత్రం మారదు.

మరి నువ్వు అంటే దగ్గరితనమేనా? అన్నిసార్లూ కాదు. బ్రౌన్, గిల్మన్ అనే ఇద్దరు 1960లో యూరప్ భాషల మీద చేసిన పరిశీలన ఇక్కడా పనికొస్తది: ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకుంటే దగ్గరితనం, ఒక్కవైపు నుంచే వస్తే అధికారం. ఆసామి కూలీని "ఏరా, తిన్నావా?" అంటే కూలీ "తిన్నానయ్యా" అంటాడు, తిరిగి "నువ్వు తిన్నావా" అని అడగలేడు. ప్రశ్న ఎంత ఆప్యాయంగా ఉన్నా అక్కడ ఉండేది మెట్టు. టీ బంకు దగ్గర అట్టా కాదు, ఇద్దరూ "ఉండావు" అనే అనుకున్నారు. కాబట్టి పలకరింపు ఒక్కటే వింటే చాలదు, జవాబు కూడా వినాల.

ఇంకోటి, ఎప్పుడూ "ఏంనా" అనే మనిషి ఉన్నట్టుండి "బాగున్నారా" అన్నాడంటే మర్యాద పెరిగిందనుకోబాకండి, చాలాసార్లు ఏదో మనసులో పెట్టుకున్నట్టే. అదే మనిషి ఎమ్మార్వో ఆఫీసులో మిమ్మల్ని "బాగున్నారా సార్" అంటే మాత్రం అది అక్కడి పద్ధతి, కోపమేం లేదు, గేటు దాటాక ఏమంటాడో చూడాల.