అప్పా, కొత్త షేర్లా? ఇండిఫరెన్స్ పాయింట్ మీద అపోహలు - వాస్తవాలు

విస్తరణకు డబ్బు కావాలని ఏ కంపెనీ ఫైల్ నా టేబుల్ మీదికి వచ్చినా, అందులో ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. రెండు వాలు గీతలు, అవి కలిసే చోట ఒక చుక్క, చుక్క పక్కన ఒక అంకె. వడ్డీ, పన్ను తీయకముందు మిగిలే లాభాన్ని మేం ఈబీఐటీ అంటాం. అది ఎంత ఉన్నప్పుడు, అప్పు తెచ్చినా కొత్త షేర్లు ఇచ్చినా షేరుకు వచ్చే లాభం (ఈపీఎస్) ఒకేలా ఉంటుందో చెప్పేదే ఆ అంకె. దాని పేరు ఇండిఫరెన్స్ పాయింట్. చుక్క పెట్టడం పది నిమిషాల పని. దాన్ని చదవడంలోనే తప్పులు జరుగుతాయి. అవి మామూలు తప్పులు కావు, ఏళ్ల తరబడి వడ్డీ రూపంలో కట్టాల్సి వచ్చే తప్పులు.

ఒక కంపెనీని ఊహించుకుందాం. 10 లక్షల షేర్లున్నాయి. పాత అప్పు మీద ఏటా 20 లక్షల వడ్డీ కడుతోంది. ఇప్పటి ఈబీఐటీ 90 లక్షలు, పన్ను 25 శాతం. అంటే ఈపీఎస్ 5.25. విస్తరణకు 300 లక్షలు కావాలి. అప్పుగా తెస్తే 12 శాతం చొప్పున ఏటా 36 లక్షల కొత్త వడ్డీ. షేర్లుగా తెస్తే, ఖర్చులు పోను షేరుకు 60 చేతికొస్తుంది కాబట్టి 5 లక్షల కొత్త షేర్లు ఇవ్వాలి. విస్తరణ కుదురుకున్నాక ఈబీఐటీ 150 లక్షలకు చేరుతుందని అంచనా.

అపోహ: ఇది బట్టీ పట్టాల్సిన సూత్రం, పన్ను రేటు మారితే పాయింట్ కూడా మారుతుంది

సూత్రం పక్కన పెట్టి ఇలా ఆలోచించండి. షేర్లు ఇస్తే మొత్తం 15 లక్షల షేర్లలో 5 లక్షలు కొత్తవాళ్లవి. పాత వడ్డీ పోగా మిగిలిన లాభంలో మూడో వంతు వాళ్లదే. అప్పు తెస్తే అప్పిచ్చినవాళ్లకు 36 లక్షలు పోతాయి. కొత్త వాటాదారులు తీసుకెళ్లే మూడో వంతు ఎప్పుడు సరిగ్గా 36 లక్షలవుతుందో, అప్పుడు పాత వాటాదారుకు రెండూ ఒకటే. మూడో వంతు 36 అయితే మొత్తం 108. దానికి పాత వడ్డీ 20 కలిపితే 128 లక్షలు. అదే మన పాయింట్.

సరిచూద్దాం. షేర్ల దారిలో 128లో 20 తీస్తే 108, పన్ను పోగా 81, దాన్ని 15తో భాగిస్తే 5.40. అప్పు దారిలో 128లో 56 తీస్తే 72, పన్ను పోగా 54, దాన్ని 10తో భాగిస్తే 5.40. సరిపోయింది.

ఈ లెక్కలో పన్ను రేటు అక్కర్లేకుండానే 128 వచ్చిందని గమనించారా? రెండు దారుల్లోనూ ఒకే రేటు పడితే అది రెండు వైపులా కొట్టుకుపోతుంది. రేటు మారితే 5.40 మారుతుంది కానీ 128 కదలదు. అయితే అప్పుకు బదులు 12 శాతం ప్రిఫరెన్స్ షేర్లు ఇచ్చారనుకోండి, కథ మారిపోతుంది. వాటి డివిడెండ్ పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచి ఇవ్వాలి. చేతికి 36 లక్షలు మిగలాలంటే పన్నుకు ముందు 48 సంపాదించాలి. 36 బదులు 48 పెట్టి చూస్తే పాయింట్ 164 లక్షలకు వెళ్తుంది. అదే 12 శాతం, కానీ 36 లక్షల తేడా! అందుకే ప్రిఫరెన్స్ షేర్లున్న ఫైల్ వస్తే నేను ముందు ఈ ఒక్క లైనే వెతుకుతాను. చాలా దేశాల్లో వడ్డీని ఖర్చుగా చూపడానికి పరిమితులుంటాయి. ఆ పరిమితి దాటిన వడ్డీకీ ఇదే గతి.

అపోహ: ఇవాళ్టి మార్కెట్ ధర పెట్టి లెక్కేస్తే చాలు

మన కంపెనీ షేరు మార్కెట్లో 66 ఉందనుకుందాం. షీట్‌లో 66 వేస్తే పాయింట్ 135 లక్షలు దాటుతుంది. కానీ కొత్త షేర్లు అమ్మాలంటే ధర కొంత తగ్గించాలి, ఇష్యూ ఖర్చులుంటాయి. చేతికొచ్చేది 60 అయితే పాయింట్ 128. అసలు మార్కెట్ పడిపోయి 50 మాత్రమే వస్తే 6 లక్షల షేర్లు ఇవ్వాల్సి వస్తుంది, పాయింట్ 116కు దిగుతుంది. షేరు చవకైన కొద్దీ అప్పు త్వరగా గెలుస్తుంది, ఎందుకంటే అదే డబ్బుకు కంపెనీలో పెద్ద ముక్క ఇచ్చేస్తున్నాం. కాబట్టి ఒక్క చుక్క చూపించి ఊరుకోకూడదు. కనీసం మూడు ధరలకు మూడు చుక్కలు పెట్టమని నేను అడుగుతాను.

అపోహ: పాయింట్ కంటే తక్కువైతే నష్టం

కాదు. 128 దగ్గర రెండు దారుల్లోనూ ఇప్పటి 5.25 కంటే ఎక్కువే వస్తోంది. ఈపీఎస్ సున్నా అయ్యే చోటు వేరే ఉంది: షేర్ల దారిలో 20 లక్షలు, అప్పు దారిలో 56 లక్షలు. పాయింట్ చెప్పేది ఏ దారిలో ఈపీఎస్ ఎక్కువో మాత్రమే.

అపోహ: అంచనా పాయింట్‌ని దాటింది కాబట్టి అప్పే మేలు

నేను ఎక్కువగా గొడవపడేది దీని మీదే. 150 దగ్గర అప్పు దారిలో ఈపీఎస్ 7.05, షేర్ల దారిలో 6.50. మీటింగ్‌లో ఈ రెండు అంకెలు స్క్రీన్ మీద కనపడగానే చర్చ అయిపోయినట్టే అనుకుంటారు.

నేను అడిగే మొదటి ప్రశ్న: 150 ఎంత గట్టిది? 150 నుంచి 128కి దూరం 22 లక్షలు, అంటే అంచనాలో 15 శాతం కంటే కాస్త తక్కువ. గతంలో ఈ కంపెనీ వేసుకున్న బడ్జెట్లు, నిజంగా వచ్చిన ఈబీఐటీ పక్కపక్కన పెట్టి చూడాలి. 15 శాతం తప్పడం వాళ్లకు మామూలే అయితే ఆ చుక్కకు ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో చెప్పలేం. ఏటా 5 శాతం లోపే తప్పుతుంటే ఆ 22 లక్షల దూరానికి విలువ ఉంటుంది.

రెండో ప్రశ్న: 150 ఎప్పుడు వస్తుంది? చాలా ఏళ్ల కిందట నేను చూసిన ఒక ఫైల్‌లో, విస్తరణ పూర్తిగా కుదురుకున్న మూడో ఏడాది లాభాన్ని పాయింట్‌తో పోల్చి అప్పు ఖాయం చేశారు. వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే మొదలైంది. యంత్రాలు సిద్ధమయ్యే వరకు ఆ వడ్డీని ఆస్తి ఖరీదులో కలుపుకోవచ్చు కాబట్టి లాభం లెక్కలో ఖర్చుగా కనపడలేదు, కానీ బ్యాంకు ఖాతాలోంచి పోయింది. ఆ షీట్ నేనూ చూసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి ఏడాది వారీ ఈబీఐటీ లేకుండా ఏ పాయింట్‌నీ ఒప్పుకోను. మన ఉదాహరణలో మొదటి ఏడాది ఈబీఐటీ 105 అనుకుంటే అప్పు దారిలో ఈపీఎస్ 3.68, షేర్ల దారిలో 4.25.

మూడో ప్రశ్న: ఈపీఎస్ పెరిగితే షేరు ధర కూడా పెరుగుతుందా? అప్పు ఎక్కువైతే గీత నిటారుగా ఉంటుంది. ఈబీఐటీ 10 లక్షలు మారితే షేర్ల దారిలో ఈపీఎస్ 0.50 మారుతుంది, అప్పు దారిలో 0.75. ఆ ఊగిసలాట చూసి మార్కెట్ ఈపీఎస్‌కు తక్కువ గుణకం ఇవ్వొచ్చు. షేర్ల దారిలో ఈపీఎస్‌కు 12 రెట్లు ఇచ్చిందనుకోండి, ధర 78. అప్పు దారిలో 11 రెట్లే ఇస్తే 77.55. ఈపీఎస్‌లో గెలిచిన 0.55 మొత్తం అక్కడే ఆవిరైపోయింది. పాయింట్ లెక్కలో రిస్క్‌కు గడి లేదు, దాన్ని మనమే పక్కన రాసుకోవాలి.

అపోహ: పాయింట్ దగ్గర రెండు దారులూ నిజంగా ఒకటే

ఈపీఎస్ వరకే ఒకటి. అప్పు అసలును తిరిగి కట్టడం ఈపీఎస్‌లో ఎక్కడా కనపడదు, ఎందుకంటే అది ఖర్చు కాదు. కొత్త అప్పు 5 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలంటే ఏటా 60 లక్షలు. పాత అప్పుకు మరో 20 లక్షలు, తరుగుదల 30 లక్షలు అనుకుందాం. సరిగ్గా 128 దగ్గర, అప్పు దారిలో లాభం 54, చేతిలోంచి డబ్బు పోని ఖర్చు కాబట్టి తరుగుదల 30 తిరిగి కలిపితే 84, వాయిదాలు 80 పోతే మిగిలేది 4 లక్షలు. షేర్ల దారిలో 81కి 30 కలిపి 20 తీస్తే 91 లక్షలు. ఆ 91లోంచి డివిడెండ్ ఆశించే షేర్లు ఎక్కువే, నిజమే. కానీ డివిడెండ్ ఒక ఏడాది ఆపుకోవచ్చు, వాయిదా ఆపలేం. ఇక 105 వచ్చిన మొదటి ఏడాదైతే అప్పు దారిలో 13 లక్షలకు పైగా లోటు. ఒక పాత యంత్రం చెడిపోతే బాగుచేయించడానికి కూడా మళ్లీ అప్పే. అందుకే చుక్క ఉన్న పేజీ పక్కనే నగదు పేజీ ఉండాలి. వాయిదాలకు ఏడాది, రెండేళ్ల విరామం దొరుకుతుందా అన్నది వడ్డీలో అర శాతం తగ్గించుకోవడం కంటే ముందు మాట్లాడుకోవాల్సిన విషయం.

అపోహ: రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి

సగం అప్పు, సగం షేర్లు అన్న మూడో గీత కూడా గీయండి. వడ్డీ 12 శాతమే అయితే అది కూడా అదే 128 దగ్గర మిగతా రెండింటినీ కలుస్తుంది, వాలు మాత్రం మధ్యస్థంగా ఉంటుంది. కానీ సగమే అప్పడిగితే బ్యాంకు రేటు తగ్గించే అవకాశం ఉంది. 11 శాతానికి ఇస్తే, పూర్తి షేర్ల దారితో పోల్చినప్పుడు ఈ మిశ్రమం పాయింట్ 119 లక్షలకు దిగుతుంది. ఈబీఐటీ 150 అయితే ఈపీఎస్ 6.81, పూర్తి అప్పుతో వచ్చే 7.05 కంటే 0.24 తక్కువ. 105 అయితే 4.11, పూర్తి అప్పుతో వచ్చే 3.68 కంటే 0.43 ఎక్కువ. మొదటి ఏడాది 13 లక్షల లోటు ఉండాల్సిన చోట, వాయిదాలన్నీ కట్టాక కూడా 31 లక్షలు ఖాతాలో మిగులుతాయి.