డీడీటీ మళ్లీ ఎందుకు పనిచేసింది: క్వాజులు-నటాల్ దోమలు నేర్పిన తేడా

దక్షిణాఫ్రికాలో మొజాంబిక్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రావిన్స్ క్వాజులు-నటాల్. అక్కడ మలేరియా దోమల కోసం 1940ల నుంచి ఇళ్ల లోపలి గోడలకు డీడీటీ కొట్టేవారు. 1996లో దాన్ని ఆపేసి, పైరెథ్రాయిడ్ల కుటుంబానికి చెందిన డెల్టామెత్రిన్‌కు మారారు. ఆ నిర్ణయానికి తగిన కారణాలే ఉన్నాయి. డీడీటీ గోడల మీద తెల్లటి మరకలు వదిలేది. దానికి చావని నల్లులు చిరాకెత్తి బయటికి వచ్చి మరీ కుట్టేవి. జనం విసిగిపోయి, స్ప్రే చేసిన గోడను మళ్లీ అలికేసేవారు. పర్యావరణం గురించిన అభ్యంతరాలు సరేసరి. పైగా డెల్టామెత్రిన్ చాలా తక్కువ మోతాదులో పనిచేస్తుంది, గోడ మీద కనిపించదు.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ప్రావిన్స్‌లో నమోదైన మలేరియా కేసులు ఏడాదికి 40,000 దాటాయి. అంతకుముందు దశాబ్దాల్లో ఎన్నడూ లేని సంఖ్య అది.

ఏం జరిగిందో 1999 చివర్లో బయటపడింది. స్ప్రే చేసిన ఇళ్ల కిటికీలకు వలబుట్టలు బిగించి, రాత్రి లోపలికి వచ్చి తెల్లవారి బయటికి పోయే దోమలను పట్టారు. మందు కొట్టిన ఇంట్లోంచి బతికి బయటపడ్డవాటిలో అనాఫిలిస్ ఫ్యునెస్టస్ కనిపించింది. డీడీటీ దెబ్బకు ఆ ప్రాంతం నుంచి ఏనాడో కనుమరుగైందనుకున్న దోమ అది. మనుషుల రక్తాన్నే ఇష్టపడుతుంది, ఇంట్లోనే వాలి విశ్రాంతి తీసుకుంటుంది. మలేరియా మోయడానికి ఇంతకంటే అనువైన దోమలు అరుదు. మొజాంబిక్ దక్షిణ భాగంలో అది ఉంటూనే ఉంది, ఇటువైపు డీడీటీ తొలగగానే తిరిగొచ్చింది. పట్టిన దోమలతో గుడ్లు పెట్టించి, వాటి పిల్లలను ప్రయోగశాలలో పరీక్షించారు. పైరెథ్రాయిడ్లకు తట్టుకుని నిలబడ్డాయి. డీడీటీకి మాత్రం చచ్చాయి.

అసలు విషయమంతా ఈ ఫలితంలోనే ఉంది. ఎందుకంటే డీడీటీ, పైరెథ్రాయిడ్లు రసాయనాలుగా వేరైనా దోమ ఒంట్లో కొట్టేది ఒకే చోట. నరాల కణాల పొరలో సోడియం ఛానళ్లనే ప్రోటీన్ ద్వారాలు ఉంటాయి. నరం గుండా సంకేతం సాగేటప్పుడు ఇవి క్షణకాలం తెరుచుకుని మూసుకుంటాయి. ఈ మందులు వాటిని మూసుకోనివ్వవు. నరం ఆగకుండా సంకేతాలు పంపుతుంది, దోమ గిలగిలా కొట్టుకుని పడిపోతుంది. ఆ ఛానల్‌లో 1014వ స్థానంలో ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మారిపోతే మందు సరిగ్గా అతుక్కోలేదు. డీడీటీకి వెంటనే కూలిపోని ఇంటి ఈగలను 1950ల తొలినాళ్లలోనే గుర్తించారు. కింద పడకుండా తట్టుకునే ఆ లక్షణాన్ని శాస్త్రవేత్తలు కేడీఆర్ అని పిలిచారు. ఆఫ్రికాలో ముఖ్యమైన మరో మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియేలో దీనికి కారణమైన మార్పును 1998లో కనుక్కున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో ల్యూసిన్ స్థానంలో ఫినైలలనిన్ వచ్చింది. కెన్యా దోమల్లో అదే స్థానంలో సెరిన్ కనిపించింది.

కాబట్టి క్వాజులు-నటాల్ దోమల్లో ఉన్నది ఈ కేడీఆర్ అయితే, దెబ్బతగిలే చోటే మారిపోయినట్టు. పైరెథ్రాయిడ్‌తో పాటు డీడీటీ కూడా తేలిపోవాలి. తేలిపోలేదు. అంటే గురి చెక్కుచెదరలేదు, మందే అక్కడికి చేరడం లేదు. దారిలోనే దాన్ని ఏదో విరిచేస్తోంది. మొజాంబిక్ ఫ్యునెస్టస్ దోమల మీద 2001లో వచ్చిన పరిశోధన ఆ పని చేస్తున్నది పి450 అనే ఎంజైమ్‌ల గుంపు అని చూపింది. తిన్నవాటిలోని విషాలను విరిచేందుకు దాదాపు ప్రతి జీవిలోనూ ఉండే ఎంజైమ్‌లే ఇవి. ఈ దోమల్లో మరీ ఎక్కువగా తయారవుతున్నాయంతే. ఈ ఎంజైమ్‌లు పైరెథ్రాయిడ్ అణువును బాగానే విరిచాయి కానీ, డీడీటీని పెద్దగా తాకలేదు.

2000లో ప్రావిన్స్ అధికారులు ఇళ్లకు మళ్లీ డీడీటీ కొట్టించారు. ప్రపంచ దేశాలు డీడీటీని కట్టడి చేసే స్టాక్‌హోమ్ ఒప్పందంపై చర్చిస్తున్న రోజులవి. తిట్లు తప్పవని తెలిసీ తీసుకున్న నిర్ణయం. 2001లో వచ్చిన ఒప్పందం వ్యాధివాహక కీటకాల నియంత్రణకు డీడీటీ వాడకాన్ని మినహాయింపుగా ఉంచింది. కేసులు వేగంగా పడిపోయాయి.

అయితే ఆ ఘనత మొత్తం డీడీటీ ఖాతాలో వేసే కథనాలు నాకు నచ్చవు. అప్పటిదాకా మలేరియా రోగులకు ఇస్తున్న సల్ఫడాక్సిన్-పైరిమెథమైన్ మాత్ర కూడా అక్కడ విఫలమవుతోంది. దాన్ని తీసేసి 2001లో ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. సరిహద్దుకు అవతల, మొజాంబిక్ వైపు కూడా ఇళ్లలో స్ప్రే మొదలైంది. మూడు మార్పులు దాదాపు ఒకేసారి జరిగాయి. వాటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. కానీ ఫ్యునెస్టస్ మళ్లీ ఇళ్లలో కనిపించకుండా పోవడానికి కారణం మాత్రం డీడీటీయే.

ఈ కథనుంచి 'పాత మందుకు తిరిగి వెళ్తే చాలు' అనే పాఠం తీసుకున్నవాళ్లున్నారు. అది తప్పు. మందు మార్పు ఫలించింది ఆ దోమల నిరోధకత ఆ రకానిది కాబట్టే. ఇదే అనాఫిలిస్ ఫ్యునెస్టస్ పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో వేరే దారి పట్టింది. అక్కడి దోమల్లో గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ అనే మరో ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారి, దాని పని గది వెడల్పయిందని 2014లో తేలింది. ఆ గదిలో డీడీటీ సులువుగా ఇముడుతుంది, విరిగిపోతుంది. క్వాజులు-నటాల్‌కు వచ్చింది ఆ దోమలే అయి ఉంటే 2000 నాటి నిర్ణయం బెడిసికొట్టేది. జాతి పేరు ఒకటే అయినంత మాత్రాన యంత్రాంగం ఒకటి కాదు.

మరి ఏ రకమో క్షేత్రంలో ఎలా తెలుస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష చూడటానికి సాదాగానే ఉంటుంది. మందులో తడిపి ఆరబెట్టిన కాగితాన్ని గొట్టం లోపల చుట్టి, అందులో ఆడ దోమలను ఒక గంట ఉంచుతారు. తర్వాత శుభ్రమైన గొట్టంలోకి మార్చి, 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కపెడతారు. 98 శాతం లేదా అంతకంటే ఎక్కువ చస్తే మందు పనిచేస్తున్నట్టు, 90 శాతం కంటే తక్కువైతే నిరోధకత ఖాయమైనట్టు. మధ్యలో వస్తే మళ్లీ పరీక్షించాలి. ఇంతవరకు తేలేది నిరోధకత ఉందా లేదా అన్నదే. రకం తేల్చడానికి దోమలను ముందుగా ఒక గంట పైపరోనిల్ బ్యుటాక్సైడ్ కాగితం దగ్గర ఉంచుతారు. పీబీఓ అని పిలిచే ఈ రసాయనం తనంతట తాను దోమను చంపదు, పి450 ఎంజైమ్‌లను అడ్డుకుంటుంది.

ఒక ఊళ్లో డెల్టామెత్రిన్‌కు 40 శాతం దోమలే చచ్చాయనుకుందాం. ముందు పీబీఓ చూపించాక అదే మందుకు 98 శాతం చస్తే, అడ్డంకి దాదాపు మొత్తం ఈ ఎంజైమ్‌లదే. పక్క ఊళ్లో 40 కాస్తా 60 మాత్రమే అయితే ఎంజైమ్‌లతో పాటు ఇంకేదో ఉంది. కేడీఆర్ కావచ్చు, పీబీఓకు లొంగని ట్రాన్స్‌ఫరేజ్ కావచ్చు. కేడీఆర్ ఉందో లేదో డీఎన్ఏ పరీక్ష చెబుతుంది. ఒక్క స్థానంలోని ఒక్క అక్షరమే కాబట్టి ఆ పరీక్ష తేలిక. ఎంజైమ్‌ల విషయంలో అంత తేలిక కాదు. పి450 జన్యువులు దోమలో వందకు పైగా ఉంటాయి, ఒక్కో చోట ఒక్కోటి రెచ్చిపోతుంది. దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు ఫ్యునెస్టస్‌లో అసలు దోషులు సిప్6పి9ఎ, సిప్6పి9బి అనే జంట జన్యువులని తేలడానికి 2009 దాకా పట్టింది. దాన్ని పట్టుకునే సులువైన డీఎన్ఏ పరీక్ష 2019లో గానీ రాలేదు. ఈలోగా చాలా కార్యక్రమాలు తేలిగ్గా కొలవగలిగే కేడీఆర్‌ను మాత్రమే కొలుస్తూ వచ్చాయి. కేడీఆర్ కనబడలేదు కాబట్టి సమస్య లేదనుకోవడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

రకాన్ని బట్టి చేయాల్సింది మారుతుంది. గోడల స్ప్రేకు వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే మందులు దొరుకుతాయి. పిరిమిఫాస్-మిథైల్, క్లోథియానిడిన్ సోడియం ఛానల్ జోలికే పోవు, అందుకే ఏడాదికోసారి మార్చి కొట్టవచ్చు. ఇబ్బంది ఖర్చుతోనే. ఈ మందులు పైరెథ్రాయిడ్ల కంటే బాగా ప్రియం. దాంతో అదే బడ్జెట్‌లో తక్కువ ఇళ్లకు స్ప్రే అవుతుంది.

దోమతెరల సంగతి ఇంకా ఇరుకు. వాటికి పూసే మందు నిద్రపోయే పసిపిల్లకు హాని చేయకూడదు, ఏళ్ల తరబడి ఉతికినా పోకూడదు. ఆ షరతులకు చాలాకాలం పైరెథ్రాయిడ్లే తట్టుకున్నాయి. అందుకే ఆ మందుకే పీబీఓ జోడించారు. అలాంటి తెరలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో షరతులతో సిఫారసు ఇచ్చింది. పి450 ప్రధాన కారణమైన చోట వీటి ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది, కారణం వేరైన చోట తగ్గిపోతుంది. పీబీఓ తెర మీద నుంచి త్వరగా వెళ్లిపోవడం మరో చిక్కు. మామూలు తెరలాగే మూడేళ్లు వాడినా, చివరి ఏడాదిలో మిగిలేది చాలామటుకు మామూలు తెరే.

తర్వాత వచ్చిన క్లోర్‌ఫెనాపైర్ ఈ లెక్కను తిరగేసింది. పైరెథ్రాయిడ్‌తో కలిపి దీన్ని పూసిన తెరలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో గట్టి సిఫారసే ఇచ్చింది. క్లోర్‌ఫెనాపైర్ తనుగా అంత విషం కాదు. దోమ ఒంట్లోని పి450 ఎంజైమ్‌లు దాన్ని మార్చాకే అసలు విషం అవుతుంది. అది నరాలను వదిలేసి, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. చంపడానికి సమయం పడుతుంది కాబట్టి దీని పరీక్షలో చచ్చిన దోమలను 72 గంటల దాకా లెక్కిస్తారు. 24 గంటలకే ఆపేస్తే మంచి మందు కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది. పైరెథ్రాయిడ్‌ను విరిచే ఎంజైమ్‌లు ఎక్కువున్న దోమ దీని ముందు మరింత బలహీనమని కొన్ని ప్రయోగాల్లో కనిపించింది కూడా.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పీబీఓ అడ్డుకునేది ఆ ఎంజైమ్‌లనే. రెండింటినీ ఒకచోట చేర్చితే పీబీఓ క్లోర్‌ఫెనాపైర్‌ను విషంగా మారనివ్వకపోవచ్చు. కాబట్టి పీబీఓ తెరలు పంచిన ఇళ్లకు క్లోర్‌ఫెనాపైర్ తెరలు కూడా ఇవ్వాలంటే, రెండూ మంచివే కదా అని కలిపేయడం కుదరదు. ఏ ప్రాంతానికి ఏ తెర అన్నది ముందే విడగొట్టుకోవాలి. అలా విడగొట్టాలంటే అక్కడి దోమను గొట్టంలో పెట్టి, పీబీఓతో ఒకసారి, లేకుండా ఒకసారి పరీక్షించి ఉండాలి.