‘పని’ అనే మాట దగ్గర ఆగిపోయిన ప్రశ్నావళి

అమలాపురం పరిసరాల్లోని ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్న పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. డిప్రెషన్‌ను గుర్తించడానికి ప్రపంచమంతటా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికను ఇంగ్లీషు బాగా వచ్చిన ఒకరి చేత తెలుగులోకి మార్పించుకుని వాడితే సరిపోదా, దానికి నెలల తరబడి పరిశీలన ఎందుకు అని ఆమె సందేహం. ఆమె అడుగుతున్నది పీహెచ్‌క్యూ-9 గురించి. గత రెండు వారాలలో ఫలానా ఇబ్బంది మిమ్మల్ని ఎంత తరచుగా బాధించింది అని అడిగి, ‘అసలు లేదు’ అంటే 0 నుంచి ‘దాదాపు ప్రతిరోజూ’ అంటే 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 27కు 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ మనిషితో వైద్యుడు వివరంగా మాట్లాడవలసి ఉంటుంది. ఈ పరిశీలన ఎందుకు అవసరమో చెప్పడానికి మొదటి ప్రశ్న ఒక్కటి చాలు.

ఇంగ్లీషులో ఆ ప్రశ్న ఏ విషయం మీదా ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం గురించి అడుగుతుంది. భాష బాగా తెలిసిన అనువాదకుడు దానిని ‘పనులు చేయడంలో ఆసక్తి గానీ ఆనందం గానీ తక్కువగా ఉండటం’ అని రాస్తాడు. మూలం చూడని మరొకరి చేత ఆ వాక్యాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తే దాదాపు మూల వాక్యమే వస్తుంది. తిరుగు అనువాదం అనే ఈ పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ క్రమబద్ధంగా వివరించారు. అనువాదకుడు ఏదైనా వదిలేసినా, అర్థం తలకిందులు చేసినా ఇది పట్టుకుంటుంది. అయితే ఇది పరీక్షించేది ఇద్దరు చదువుకున్న వాళ్ల మధ్య మాట సరిగా అందిందా అన్నదే తప్ప, వినే మనిషికి ఏం వినిపించింది అన్నది కాదు.

అదే వాక్యాన్ని దాళ్వా ఊడ్పులు ముగించుకుని నడుము నొప్పితో వచ్చిన యాభై ఏళ్ల కూలీ మహిళకు చదివి వినిపించారనుకుందాం. ఆమె జవాబు ‘కూలి పనిలో ఆనందం ఏముంటుందమ్మా? రోజూ అంతే కదా’ అని వస్తుంది. నర్సు 3 వేస్తుంది. ‘పని’ అనే మాట తెలుగులో చేసే ప్రతిదానికీ చెల్లుతుంది, ఒళ్లు వంచి చేసే కష్టానికీ చెల్లుతుంది. పొలం గట్టు మీద నుంచి వచ్చిన మనిషికి రెండో అర్థమే ముందు తడుతుంది. తిరుగు అనువాదంలో ఈ లోపం కనిపించదు, ఎందుకంటే రెండు అర్థాలకూ మాట ఒక్కటే.

ఈ లోపాన్ని పట్టుకునే పద్ధతి వేరు. ఆ కేంద్రానికి వచ్చే వాళ్లలోనే, చదువు, వయసు, వృత్తి వేరువేరుగా ఉన్న కొందరిని కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, జవాబు తీసుకున్న తరువాత ‘నేను ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి’, ‘ఈ జవాబు చెప్పేటప్పుడు మీకు ఏ రోజు గుర్తుకొచ్చింది’ అని అడుగుతారు. కొత్త అపార్థాలు రావడం ఆగేదాకా వాక్యాన్ని మార్చుకుంటూ పోతారు. నా దృష్టిలో మొత్తం ప్రక్రియకు ప్రాణం ఇదే, అయినా తొందరలో మొదట కోత పడేది కూడా దీనికే.

‘పనులు’ తీసేసి ‘దేనిలోనూ సరదా లేకపోవడం’ అని మార్చామనుకోండి. భర్త పోయిన స్త్రీ ‘నాకింక సరదాలేమిటండీ’ అంటుంది. అది ఆమె మనఃస్థితి కాదు, ఊరు తనకు ఏది తగునని అనుకుంటుందో ఆమె చెబుతున్న మాట. ‘ఇంతకు ముందు మీకు ఇష్టమైన వాటి మీద ఇప్పుడు మనసు పోకపోవడం’ అంటే చాలామందికి సూటిగా అందుతుంది. దానికీ ఒక చిక్కు ఉంది. పదేళ్లుగా కుంగిపోయి ఉన్న మనిషికి ఆ ‘ఇంతకు ముందు’ ఎక్కడ ఉంటుంది? అర్థం కావడం కోసం మనవలతో ఆడుకోవడం, టీవీ చూడటం అని ఉదాహరణలు చేరిస్తే, మనవలు లేనివారు ఉదాహరణకే జవాబు చెప్పి ఊరుకుంటారు. ఏ రూపం ఎంచుకున్నా, వదిలేసిన రూపాలనూ వాటి కారణాలనూ రాసి పెట్టుకోవాలి.

జవాబుల మాటలకూ ఇదే పరీక్ష కావాలి. ‘సగానికి పైగా రోజులు’ అంటే పద్నాలుగు రోజులలో ఎనిమిది గానీ అంతకు మించి గానీ అని లెక్క. బడి మొహం చూడని మనిషికి ‘రెండు వారాలు’ కంటే ‘రెండు సంతల కిందటి నుంచి’ అన్న గుర్తు దగ్గరగా ఉంటుంది. పద్నాలుగు చింతగింజలు ముందు పెట్టి, బాధపడిన రోజులకు తగినన్ని పక్కకు తీయమనడం కూడా ఒక మార్గమే. కానీ గింజలతో అడిగినది మరో సాధనం అవుతుంది గనుక, పట్టిక సరిగా పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష కూడా గింజలతోనే జరగాలి.

ఇప్పుడు ఆ కూలీ మహిళ మొత్తం మార్కులు చూద్దాం. ఊడ్పుల వల్లో రక్తహీనత వల్లో నీరసం ప్రతిరోజూ ఉంది గనుక 3. ఒళ్లు నొప్పులతో సగానికి పైగా రాత్రులు నిద్ర లేదు గనుక 2. అన్నం సయించని రోజులూ సగానికి పైనే గనుక మరో 2. మొదటి ప్రశ్న తప్పుగా వినిపించింది గనుక మరో 3. దిగులుగా ఉందా అంటే లేదు, మిగిలినవన్నీ సున్నా. మొత్తం సరిగ్గా 10 వచ్చి, ఆమె డిప్రెషన్ అనుమానితుల జాబితాలో చేరుతుంది. మొదటి ప్రశ్న సరిగా అంది, మనవరాలిని చూస్తే ఇప్పటికీ సంతోషంగానే ఉందని చెబితే మొత్తం 7. ఆమెకు కావలసింది హిమోగ్లోబిన్ పరీక్ష.

మాటలు సరిచేసినా, శరీర బాధలు తెచ్చే ఆ 7 మిగిలే ఉంటాయి. అందుకే 10 అనే హద్దును కూడా ఇక్కడ కొత్తగా పరీక్షించాలి. ఆ హద్దు 2001లో క్రోయెంకే, స్పిట్జర్, విలియమ్స్ అమెరికాలో ప్రచురించిన పరిశీలన నుంచి వచ్చింది. 6,000 మంది పట్టిక నింపగా, వారిలో 580 మందితో నిపుణులు విడిగా మాట్లాడి చూశారు. 10 దగ్గర గీత గీస్తే, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలో 88 శాతాన్ని పట్టిక పట్టుకుంది, లేనివారిలో 88 శాతాన్ని సరిగా వదిలేసింది.

వినడానికి గొప్పగా ఉన్న ఈ అంకెలను లెక్క వేసి చూడాలి. వెయ్యి మంది వచ్చే చోట వంద మందికి డిప్రెషన్ ఉందనుకుంటే, పట్టిక 88 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 900 మందిలో 12 శాతం, అంటే 108 మంది, జబ్బు లేకుండానే జాబితాలో చేరతారు. మొత్తం 196 మందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవారు సగం కూడా లేరు. శరీర బాధలు ఎక్కువగా ఉన్న చోట ఈ 108 ఇంకా పెరుగుతుంది. హద్దును 12కు పెంచితే అది తగ్గుతుంది గానీ జబ్బున్న వాళ్లు కొందరు జారిపోతారు.

ఆ రెండింటినీ తూచడానికి, పట్టిక మార్కులు తెలియని మానసిక వైద్యుడు కొద్ది రోజుల వ్యవధిలోనే ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడి నిర్ణయం చెప్పాలి. ఎక్కువ మార్కులు వచ్చిన వాళ్లనే ఆయన దగ్గరకు పంపితే లెక్క చెడిపోతుంది. తక్కువ మార్కుల వాళ్లలో దాగిన జబ్బు ఎవరి కంటా పడదు, అప్పుడు పట్టిక ఏ తప్పూ చేయనట్లు కనిపిస్తుంది. కనీసం వారిలో చీటీలు తీసి ఎంపిక చేసిన కొందరినైనా పంపి, ఆ నిష్పత్తిని లెక్కలో సవరించుకోవాలి.

చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నను మాత్రం ఈ హద్దులకు వదిలేయకూడదు. ‘చచ్చిపోతే బాగుండు’ అనే మాట మన ఇళ్లలో విసుగులో రోజూ దొర్లుతుంది. అందుకని కొందరు అవునని తేలిగ్గా అంటారు, నిజంగా ఆ ఆలోచన ఉన్నవారిని కూడా ‘ఊరికే అంటున్నారులే’ అని నర్సు దాటిపోయే ప్రమాదం ఉంది. ‘ప్రాణం తీసుకోవాలని గానీ, మీకు మీరే హాని చేసుకోవాలని గానీ ఆలోచన వచ్చిందా’ అని విడిగా, తోడు వచ్చినవారు వినకుండా అడగాలి. ఈ ప్రశ్నకు 1 వచ్చినా, మొత్తం మార్కులు ఎంత తక్కువైనా, ఆ రోజే వైద్యుడు మాట్లాడాలి.

పాఠకురాలు తన ఉత్తరంలో మరో మాట రాశారు, రోగులకు అర్థం కాకపోతే తానే తేలిక మాటల్లో చెబుతానని. ఆమె ఉద్దేశం మంచిదే, కానీ ఆ క్షణంలో ఆమె కొత్త అనువాదం చేస్తున్నారు, దానిని ఎవరూ పరీక్షించలేదు. రాజోలులో ఒక నర్సు ‘దిగులు’ అని, ముమ్మిడివరంలో మరొకరు ‘బెంగ’ అని అడిగితే, బెంగ అంటే దూరమైన మనిషి కోసం పడే తపనగా విని, కొడుకు గల్ఫ్‌లో ఉన్న ప్రతి తల్లీ అవునంటుంది. అందుకే పరిశీలన సమయంలోనే, అర్థం కాలేదన్న వారికి చెప్పవలసిన రెండో వాక్యాన్ని కూడా ప్రతి ప్రశ్నకూ తయారుచేసి, పరీక్షించి, పట్టికలో ఆ ప్రశ్న కిందనే అచ్చు వేయించాలి.