మూత్రం ఆగిపోయిన పెద్దాయనకు నీళ్లు తాగించకండి: అపోహలు - వాస్తవాలు

క్యాజువాలిటీ గుమ్మంలో ఇది తరచూ కనిపించే దృశ్యం. డెబ్బై ఏళ్ల పెద్దాయన కూర్చోలేక, నిలబడలేక, రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుని ఉంటారు. బొడ్డు కింద చిన్న కుండ బోర్లించినట్టు ఉబ్బు. పక్కన కొడుకు చేతిలో బార్లీ నీళ్ల సీసా. "తెల్లవారుజాము నుంచి ఒంటికి రావట్లేదు సార్. నీళ్లు తాగిస్తూనే ఉన్నాం, అయినా రావట్లేదు" అంటాడు. తండ్రి మీద ప్రేమతో చేసిన పనే అది. కానీ ఈ జబ్బులో ఇంట్లో చేసే పొరపాట్లన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది అదే.

అపోహ: నీళ్లు, బార్లీ, కొబ్బరి నీళ్లు బాగా పట్టిస్తే మూత్రం దారి చేసుకుని వస్తుంది.

రాదు. మూత్రం తయారయ్యేది కిడ్నీల్లో, నిలవుండేది మూత్రాశయంలో. ఈ పెద్దాయనకు కిడ్నీలు పని చేస్తూనే ఉన్నాయి. మూసుకుపోయింది మూత్రాశయం కింద ఉన్న దారి. అక్కడ ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పెరిగి మూత్రనాళాన్ని చుట్టూ నొక్కుతోంది. డాబా మీద ట్యాంకు నిండి ఉంది, కింద కుళాయి బిగుసుకుంది. ఆ సమయంలో మోటారు వేస్తే కుళాయి తెరుచుకోదు, ట్యాంకు మీదే ఒత్తిడి పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. పెద్దాయన బరువు 60 కిలోలు అనుకుందాం. మామూలుగా గంటకు 60 మి.లీ. దాకా మూత్రం తయారవుతుంది. రాత్రి 10 గంటలకు వెళ్లొచ్చారు గానీ ప్రోస్టేట్ వల్ల పూర్తిగా ఖాళీ కాలేదు, 150 మి.లీ. లోపలే ఉండిపోయింది. తెల్లవారుజామున 4 గంటలకు మెలకువ వచ్చేసరికి 510 మి.లీ. చేరింది. మామూలు మూత్రాశయానికి 400 నుంచి 500 మి.లీ. దగ్గరే ఇక ఆపుకోలేం అనిపిస్తుంది. వెళ్లి నిలబడ్డారు, ముక్కారు, చుక్క పడలేదు. అప్పుడే బయలుదేరి 6 గంటలకు ఆసుపత్రికి చేరి ఉంటే 630 మి.లీ. దగ్గరే మూత్రం బయటికి తీసే పైపు పడేది.

కానీ ఇంట్లో ఉదయం 7 అయ్యేలోపు లీటరున్నర నీళ్లు తాగించారు. తర్వాత ఎవరో చెప్పారని మందుల షాపు నుంచి ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. మాత్ర తెచ్చి వేశారు. అది కిడ్నీల చేత ఎక్కువ మూత్రం తయారు చేయించే మాత్ర, మూసుకున్న దారిని తెరిచేది కాదు. 10 గంటలకు ఆసుపత్రికి వచ్చేసరికి లోపల ఒకటిన్నర లీటర్లు దాటిపోయి ఉంటుంది.

630కీ 1,500కీ తేడా నొప్పి ఒక్కటే కాదు. మూత్రాశయం గోడలో ఉండేది కండరం. పరిమితికి మించి సాగితే అది ముడుచుకునే బలాన్ని పోగొట్టుకుంటుంది. తర్వాత దారి తెరిచినా తోసే శక్తి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టి గానీ తిరిగి రాదు. పైపు వేసినప్పుడు లీటరు కన్నా ఎక్కువ వచ్చిన వాళ్లలో, పైపు తీశాక మళ్లీ మూత్రం ఆగిపోయే అవకాశం ఎక్కువ. అంటే ఉదయం పోసిన ఆ లీటరున్నర నీళ్లు, వారం తర్వాత పైపు తీసే రోజున తమ ప్రభావం చూపిస్తాయి.

కాబట్టి ముక్కినా రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పి మొదలయిందంటే నీళ్లు ఆపండి. పల్లేరు కషాయం, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు ఏవీ వద్దు. పొట్ట మీద చేతులతో ఒత్తవద్దు. పొత్తికడుపు మీద గోరువెచ్చని గుడ్డ వేసి ఒకసారి ప్రయత్నిస్తే తప్పు లేదు, కానీ వాహనం వచ్చే లోపే. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో, పైపు వేసే వసతి ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. పెద్దాసుపత్రే కావాలని రెండు మూడు గంటలు ప్రయాణం పెట్టుకోవద్దు. ముందు మూత్రం బయటికి రావాలి, స్కానింగులు తర్వాత.

వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, నిన్నా మొన్నా కొత్తగా వేసుకున్నవి ముఖ్యంగా. ప్రోస్టేట్ ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. మరి ఆ రాత్రే ఎందుకు బిగుసుకుంది అంటే చాలాసార్లు జవాబు ఆ కవర్లోనే దొరుకుతుంది. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ మూత్రాశయం మెడ దగ్గర కండరాన్ని బిగిస్తాయి. అదే మాత్రలో కలిసి ఉండే క్లోర్‌ఫెనిరమిన్ తోసే కండరాన్ని మందగింపజేస్తుంది. కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్, నిద్రకూ నరాల మంటకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, నొప్పికి వాడే ట్రమడాల్ కూడా ఈ పని చేయగలవు. నాలుగు రోజుల మలబద్ధకం, బస్సులో గంటల తరబడి ఆపుకోవడం, పెళ్లిలో మందు తాగడం కూడా చాలు.

అపోహ: చుక్కలు పడుతున్నాయి కదా, ఆగిపోయినట్టు కాదు.

నిండిన బిందె అంచు నుంచి నీళ్లు కారినట్టే, పూర్తిగా నిండిన మూత్రాశయం నుంచి కొంచెం కొంచెం పొర్లుతుంది. పంచె తడుస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు 'మూత్రం ఆపుకోలేకపోతున్నాడు' అనుకుంటారు. ఒకసారి పొత్తికడుపు చూడండి. పైకి ఉబ్బి, చేత్తో తాకితే గట్టి బంతిలా తగిలి, అక్కడ తాకగానే ఒంటికి వెళ్లాలనిపిస్తే అది నిండిన మూత్రాశయమే. షుగరు ఎన్నో ఏళ్లుగా ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి నొప్పి కూడా ఉండకపోవచ్చు. నొప్పి లేదని ధైర్యపడటానికి లేదు. ఇలా వారాల తరబడి నిండి ఉన్నవాళ్లలోనే ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి, క్రియాటినిన్ పెరుగుతుంది.

పొట్ట మెత్తగా ఉండి, వెళ్లాలనే అనిపించక, రోజంతా మూత్రమే లేకపోతే అది వేరే సంగతి. అక్కడ కిడ్నీలు తయారు చేయడమే ఆపేసి ఉండవచ్చు. ఆసుపత్రికి మాత్రం అదే రోజు వెళ్లాలి.

అపోహ: ఒకసారి పైపు వేస్తే జీవితాంతం పైపే.

ఈ భయంతోనే చాలామంది పెద్దవాళ్లు సాయంత్రం దాకా నొప్పి బిగబట్టుకుంటారు. భయం సహజం, అందుకే ఏం చేస్తారో ముందే తెలిస్తే మంచిది. సాధారణంగా 14 లేదా 16 సైజు ఫోలీ క్యాథెటర్ అనే పైపు వాడతారు. శుభ్రం చేసి, స్టెరైల్ గ్లౌజులతో, నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకైన్ జెల్లీ 10 నుంచి 15 మి.లీ. నెమ్మదిగా మూత్రనాళంలోకి ఎక్కించి, అది పని చేయడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ ఆగడం లేకపోతేనే నొప్పి ఎక్కువ. పైపు బయటి చివర రెండుగా చీలే చోటు దాకా లోపలికి వెళ్లి, మూత్రం బయటికి వచ్చాకే, పైపు జారిపోకుండా పట్టి ఉంచే లోపలి బెలూన్‌లోకి 10 మి.లీ. స్టెరైల్ వాటర్ ఎక్కించాలి. మూత్రం కనిపించకముందే బెలూన్ ఉబ్బిస్తే అది మూత్రనాళంలోనే ఉబ్బి దాన్ని చీలుస్తుంది, రక్తం వస్తుంది, తర్వాత అక్కడే దారి సన్నబడుతుంది. అందుకే ఇది ఇంట్లో మంచం మీద చేయించుకునే పని కాదు. పైపు తేలిగ్గా వెళ్లకపోతే బలవంతం చేయకూడదు. కొస వంపు తిరిగిన పైపు ప్రయత్నిస్తారు, అదీ వెళ్లకపోతే పొత్తికడుపు మీద మత్తిచ్చి అక్కడి నుంచి నేరుగా మూత్రాశయంలోకి పైపు పెడతారు. మూత్రం పారడం మొదలైన కొన్ని నిమిషాల్లోనే మనిషి ముఖం మారిపోతుంది.

తర్వాత చాలామందికి టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. లేదా ఆల్ఫుజోసిన్ 10 మి.గ్రా. రోజుకు ఒకటి మొదలుపెడతారు. ఇవి ప్రోస్టేట్‌ను కుదించవు, మూత్రాశయం మెడ దగ్గరి బిగువును సడలిస్తాయి. మాత్ర పడిన రెండు మూడు రోజులకు, లేదా మూత్రాశయం బాగా సాగిపోయి ఉంటే ఇంకొన్ని రోజులు ఆగి, పైపు తీసి చూస్తారు. ఈ మాత్రతో సుమారు సగం మందికి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మందికి మూత్రం మామూలుగా వస్తుంది. పైపు ఉదయం పూట తీయించుకోవడం మంచిది. మూత్రం రాకపోతే సాయంత్రంలోపు తెలుస్తుంది, అర్ధరాత్రి పరుగెత్తే పని ఉండదు. రాకపోతే పైపు మళ్లీ వేసి ప్రోస్టేట్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆ మాత్ర వాడేవాళ్లు మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు, బీపీ పడి కళ్లు తిరుగుతాయి. కంటిలో శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మిగతావి క్లుప్తంగా. మూత్రం ఆగిందంటే క్యాన్సర్ అని కాదు. ఎక్కువమందిలో కారణం మామూలు ప్రోస్టేట్ పెరుగుదలే. ఆ వారంలో ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయిస్తే ఊరికే ఎక్కువ చూపిస్తుంది, ఇల్లంతా భయపడుతుంది. కొన్ని వారాలు ఆగి చేయించండి. మూత్రం ఒకేసారి తీయకూడదు, అరలీటరుకోసారి పైపు బిగించాలి అనే మాట ఆసుపత్రుల్లో కూడా వినిపిస్తుంది. అలా చేస్తే మేలని నిరూపణ కాలేదు. చివర్లో కాస్త ఎర్రగా వచ్చినా ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది, రక్తపు గడ్డలు పడితే మాత్రం చెప్పాలి.

ఒక్క నిమిషం కూడా ఆలస్యం పనికిరానివి రెండున్నాయి. మూత్రం ఆగడంతో పాటు చలి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళుతూ ఉండవచ్చు. నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడి, కూర్చునే చోట స్పర్శ తెలియకపోతే కారణం ప్రోస్టేట్ కాదు, వెన్నులో నరాలు నొక్కుకుపోవడం. పైపు వేయడంతో పని అయిపోలేదు, అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి.

పైపు వేశాక మొదటి పావుగంటలో ఎన్ని మి.లీ. వచ్చిందో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. తర్వాత చూసే యూరాలజిస్టు ముందు అడిగేది ఆ అంకెనే. క్రియాటినిన్ పెరిగి ఉన్నవాళ్లకు పైపు పడ్డాక గంటకు 200 మి.లీ. పైన వరుసగా మూత్రం పోవచ్చు. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి లవణాలు, బీపీ చూడాలి. అప్పుడు నీళ్లు దాహానికి తగ్గట్టు తాగవచ్చు.

ఇంటికి పైపుతో వచ్చినవాళ్లు మూత్రం చేరే బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉంచాలి, నేలకు తాకకూడదు. నిద్రలో లాగేసుకోకుండా పైపును తొడకు ప్లాస్టర్‌తో అంటించండి. లోపల 10 మి.లీ. బెలూన్ ఉబ్బి ఉంది, అది ఉండగా లాగితే చీలుతుంది. బ్యాగులోకి రెండు గంటలు చుక్క రాకుండా పొత్తికడుపు మళ్లీ బిగుస్తుంటే, ముందు పైపు ఎక్కడైనా మడత పడిందేమో, శరీరం కింద నలిగిందేమో చూడండి. సరిచేసినా రాకపోతే పైపు మూసుకుపోయిందన్నమాట. మళ్లీ అదే ఆసుపత్రికి, అదే తొందరతో వెళ్లాలి.